రెండు నిమిషాల సర్వే, పన్నెండు నిమిషాల ప్రశ్నలు

పీజీ, పీహెచ్‌డీ విద్యార్థి తన పరిశోధన కోసం పంపే సర్వే సందేశం సాధారణంగా ఐదారు వాక్యాలకు మించదు. ఎవరు పంపుతున్నారు, దేని గురించి అడుగుతున్నారు, ఎంతసేపు పడుతుంది, చెప్పిన జవాబులు ఎవరి కంటపడతాయి అన్నవి అందులో ఉంటాయి. చివర ఒక గూగుల్ ఫామ్ లింకు ఉంటుంది. అది చేరేది చాలావరకు ఏదో ఒక వాట్సాప్ గ్రూపులోకే. ఈ వాక్యాల్లో రెండింటి సంగతి వేరు. ఇంత సమయం పడుతుందని చెప్పడం, వివరాలు బయటికి రావని చెప్పడం రెండూ మాట ఇవ్వడం కిందికే వస్తాయి. మొదటి మాట నిలబడిందో లేదో ఫామ్ నింపుతుండగానే తేలిపోతుంది. రెండోది నిలబడిందో లేదో నింపినవారికి బహుశా ఎప్పటికీ తెలియదు. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఈ రెండుచోట్లే. దురుద్దేశంతో కాదు, సీనియర్లు పంపిన పాత సందేశంలో పేరు, కాలేజీ మార్చి మళ్లీ పంపేయడం వల్ల.

ఒక ఉదాహరణ ఊహించుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని ఒకామె, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసే నర్సుల నిద్రమీద థీసిస్ రాస్తోంది. ఆసుపత్రిలో 120 మంది స్టాఫ్ నర్సులు ఉన్నారు. ఆమె మొదట రాసుకున్న సందేశం ఇలా ఉంది:

“డియర్ సిస్టర్స్, నేను ఎం.ఎస్సీ. నర్సింగ్ స్టూడెంట్‌ని. థీసిస్ కోసం చిన్న సర్వే చేస్తున్నాను. జస్ట్ 2 నిమిషాలు పడుతుంది. మీ డీటెయిల్స్ 100% కాన్ఫిడెన్షియల్. ప్లీజ్, అందరూ తప్పకుండా ఫిల్ చేసి గ్రూపులో ‘డన్’ అని పెట్టండి.”

లింకు నొక్కితే కనిపించే ఫామ్‌లో నాలుగు భాగాలున్నాయి. వయసు, వార్డు, అనుభవం లాంటి సొంత వివరాలు తొమ్మిది. నిద్ర నాణ్యతను కొలవడానికి 1989 నుంచి ప్రపంచమంతా వాడుతున్న పిట్స్‌బర్గ్ స్లీప్ క్వాలిటీ ఇండెక్స్ ప్రశ్నలు 19. మానసిక ఒత్తిడిని కొలిచే పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ నుంచి 10. చివర, డ్యూటీల విషయంలో ఏం మారితే బాగుంటుందో సొంత మాటల్లో రాయమనే ప్రశ్న ఒకటి. మొత్తం 39 ప్రశ్నలు.

ఇవన్నీ రెండు నిమిషాల్లో అయ్యే పని కాదని లెక్క వేయకుండానే చెప్పొచ్చు. అయినా లెక్క వేయడం మంచిది, ఎందుకంటే ప్రశ్నల సంఖ్యకంటే వాటి స్వభావమే సమయాన్ని నిర్ణయిస్తుంది. వయసు, చదువు లాంటివి ఒక్కొక్కటి ఆరేడు సెకన్లలో అయిపోతాయి, అంటే తొమ్మిదింటికి సుమారు ఒక నిమిషం. ఒత్తిడి ప్రశ్నల్లో ప్రతి వాక్యాన్నీ చదివి, గత నెలను గుర్తు చేసుకుని, ఐదు గళ్లలో ఒకటి ఎంచుకోవాలి. పదింటికి నిమిషంన్నర నుంచి రెండు నిమిషాలు. అసలు సమయం తినేది నిద్ర ప్రశ్నావళి. దాన్ని నింపడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుందని దాన్ని తయారుచేసినవారే చెప్పారు. అందులో మొదటి నాలుగు ప్రశ్నలకు గళ్లు ఉండవు, అంకెలు రాయాలి. గత నెలలో మామూలుగా ఎన్నింటికి పడుకున్నారు, నిద్ర పట్టడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నింటికి లేచారు, నిజంగా నిద్రపోయింది ఎన్ని గంటలు అని. పగటి ఉద్యోగం చేసేవారికి ఇది తేలిక. వారం నైట్ డ్యూటీ, వారం డే డ్యూటీ చేసే నర్సుకు ‘మామూలుగా’ అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించాల్సి వస్తుంది. సొంత మాటల్లో రాసే చివరి ప్రశ్నకు ఒక నిమిషం, ముందుండే సమ్మతి పేజీ చదవడానికి ఒక నిమిషం కలుపుకుంటే మొత్తం పది నుంచి పదిహేను నిమిషాల మధ్య తేలుతుంది.

కాగితం మీది లెక్కను మనుషుల దగ్గర సరిచూసుకోవాలి. అసలు సర్వేలో పాల్గొననివారిని, వేరే ఆసుపత్రి నర్సులను ఓ ఎనిమిది మందిని పట్టుకుని ఫోన్లోనే నింపమనాలి. గూగుల్ ఫామ్‌లో ‘సబ్మిట్’ నొక్కిన సమయం మాత్రమే నమోదవుతుంది. ఎప్పుడు మొదలుపెట్టారో అందులో ఉండదు కాబట్టి పక్కన కూర్చుని గడియారం చూసుకోవాల్సిందే. ఈ ఎనిమిది మందికి వరసగా 7, 8, 9, 9, 11, 12, 14, 19 నిమిషాలు పట్టిందనుకుంటే, నడిమి విలువ 10. అంటే సగం మంది పది నిమిషాల్లో ముగించారు, సగం మందికి అంతకంటే ఎక్కువ పట్టింది. 19 నిమిషాలు తీసుకున్నామె మధ్యలో వార్డులోంచి పిలుపొస్తే వెళ్లివచ్చింది. దాన్ని పక్కన పెట్టినా, పది నిమిషాలని మాత్రమే రాస్తే ఎనిమిదిలో నలుగురి విషయంలో మాట తప్పినట్టే. ‘10 నుంచి 15 నిమిషాలు’ అని రాస్తే ఒక్కరు తప్ప అందరూ ఆ హద్దులోపే ఉంటారు.

అంత సమయం రాస్తే ఎవరూ లింకు తెరవరన్న భయం విద్యార్థులకు ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఒకే సర్వేను కొందరికి 8 నుంచి 10 నిమిషాలదని, మరికొందరికి 20 నిమిషాలదని చెప్పి పంపారు. తక్కువ సమయం చెప్పినవారిలో మొదలుపెట్టినవారు ఎక్కువగా ఉన్నారు. కానీ మధ్యలో వదిలేసినవారు కూడా వారిలోనే ఎక్కువ. మిర్తా గలేషిచ్, మైఖేల్ బోష్నియాక్ అనే పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశోధనలో 10, 20, 30 నిమిషాలని వేర్వేరుగా చెప్పి చూశారు. చెప్పిన సమయం పెరిగేకొద్దీ మొదలుపెట్టేవారూ, పూర్తిచేసేవారూ తగ్గారు. అంతకంటే ఆసక్తికరమైన విషయం ఇంకోటి బయటపడింది. ప్రశ్నావళిలో చివరకు వచ్చేసరికి జవాబులు గబగబా, పొట్టిగా, అన్నీ ఒకేలా పడ్డాయి. ఈ రెండో ఫలితాన్ని బట్టి విద్యార్థి చేయాల్సింది సమయం తగ్గించి రాయడం కాదు, ప్రశ్నలు తగ్గించడం. నిద్ర, ఒత్తిడి ప్రశ్నావళుల్లో నుంచి ఒక్క ప్రశ్న తీసినా వాటి స్కోరు పద్ధతి చెల్లదు కాబట్టి వాటిని కదపలేరు. కోత వేయగలిగింది సొంత వివరాల దగ్గరే. అక్కడ నాలుగు ప్రశ్నలు తగ్గితే సమయం కొంచెమే తగ్గుతుంది గానీ, గోప్యత దగ్గరికి వచ్చేసరికి ఆ కోతే పెద్ద మేలు చేస్తుంది.

రెండు నిమిషాలని నమ్మి తెరిచిన నర్సు, రెండు నిమిషాలు గడిచేసరికి నిద్ర ప్రశ్నల్లోకి ఇంకా అడుగుపెడుతూ ఉంటుంది. అక్కడ ఆమె ఫామ్ మూసేస్తే విద్యార్థికి ఆ సంగతే తెలియదు. సబ్మిట్ కాని ఫామ్‌లోని జవాబులు గూగుల్ షీట్‌కు రావు. ఎంతమంది వచ్చి వెళ్లిపోయారో లెక్క కూడా దొరకదు. వెళ్లిపోయేది ఎవరన్నది ఇంకా పెద్ద చిక్కు. వార్డులో పని నెత్తిమీదున్నవారు, నిద్ర చాలక కళ్లు మూతలు పడుతున్నవారే ముందు వదిలేస్తారు. నిద్రలేమిని కొలిచే సర్వేలోంచి నిద్రలేనివారే జారిపోతే మిగిలిన ఫలితం నిజంకంటే బాగా కనిపిస్తుంది.

వదిలేయకుండా ఉండిపోయినవారి జవాబుల్లోనూ ఆ విసుగు కనిపిస్తుంది, పట్టుకోవడం తెలిస్తే. ఒత్తిడి స్కేల్‌లోని పది ప్రశ్నల్లో 4, 5, 7, 8 సానుకూలంగా ఉంటాయి. అంటే పనులు అనుకున్నట్టు సాగాయా అన్న తరహావి. వాటికి మార్కులు తిరగేసి వేస్తారు. ప్రతి ప్రశ్నకూ 0 నుంచి 4 వరకు మార్కులు, మొత్తం 40. ఎవరైనా చదవకుండా పది ప్రశ్నలకూ ఒకే గడి నొక్కుకుంటూ పోతే, అది ఏ గడి అయినా సరే, మొత్తం 16, 18, 20, 22, 24లలో ఒకటి అవుతుంది. పదిసార్లు ‘ఎప్పుడూ లేదు’ నొక్కినామెకు 16 వస్తే, పదిసార్లు ‘చాలా తరచుగా’ నొక్కినామెకు వచ్చేది 24 మాత్రమే. ఇద్దరూ ‘మధ్యస్థ ఒత్తిడి’ కింద లెక్కలోకి వచ్చి కూర్చుంటారు. షీట్‌లో ఆ పది గళ్లూ ఒకే జవాబుతో ఉన్న వరసలు ఎన్నున్నాయో వెతికితే, సమయం విషయంలో చెప్పిన అబద్ధానికి ఎంత ఖరీదు చెల్లించాల్సి వచ్చిందో కొంతవరకైనా తెలుస్తుంది.

ఇక రెండో మాట. పేరు అడగలేదు కాబట్టి వివరాలు గోప్యమే అని చాలామంది విద్యార్థులు నిజాయితీగానే అనుకుంటారు. ఇక్కడ రెండు వేర్వేరు హామీలు కలిసిపోతున్నాయి. ఎవరు జవాబిచ్చారో పరిశోధకురాలికే తెలియకపోవడం ఒకటి. తెలిసినా బయటపెట్టనని చెప్పడం మరొకటి. మొదటిది ఫామ్ తయారీలోనే ఉండాలి, రెండోది ఆ మనిషి మీద ఉండే నమ్మకం. ఆహ్వానంలో ఏ హామీ ఇస్తున్నారో తేల్చి రాయాలి. రెంటికీ మధ్య ఉన్న తేడా ‘100% కాన్ఫిడెన్షియల్’ అన్న మాటలో మాయమైపోతుంది.

పేరు లేకుండానే మనిషి ఎలా దొరికిపోతాడో అమెరికాలో లటాన్యా స్వీనీ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చూపించారు. 1990లలో మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. పుట్టిన తేదీ, లింగం, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ మాత్రం అందులో మిగిలాయి. ఓటర్ల జాబితాలోనూ ఆ మూడు ఉంటాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆమె నాటి గవర్నర్ విలియం వెల్డ్ రికార్డును గుర్తించారు. ఈ మూడు వివరాలతోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని 2000లో లెక్కగట్టారు.

ఆసుపత్రి లాంటి చిన్న ప్రపంచంలో ఇంకో జాబితా కూడా అక్కర్లేదు. అందరికీ అందరూ తెలుసు. ఊహించిన ఉదాహరణలో 120 మంది నర్సులు. ఐసీయూలో పనిచేసేది 14 మంది. వారిలో మగవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో 45 ఏళ్లు దాటినవారు ఒక్కరు. కాబట్టి వార్డు, లింగం, వయసు అన్న మూడు గళ్లు కలిపితే షీట్‌లో ఆ వరస ఎవరిదో హెడ్ నర్సు ఒక్క చూపులో చెప్పేస్తుంది. అదే వరసలో, వాహనం నడిపేటప్పుడు, తినేటప్పుడు, నలుగురితో కలిసి ఉన్నప్పుడు మెలకువగా ఉండడం ఎన్నిసార్లు కష్టమైందో అడిగిన నిద్ర ప్రశ్నకు జవాబు కూడా ఉంది. చివర సొంత మాటల్లో రాసిన ఫిర్యాదు ఉంది. ఫామ్‌లో పేరు లేదన్న ఊరట ఆ ఉద్యోగికి ఏ రకంగానూ పనికిరాదు.

దీనికి మందు సందేశంలో లేదు, ప్రశ్నల్లోనే ఉంది. వయసు కచ్చితంగా అడగకుండా ‘30 లోపు, 30 నుంచి 44, 45 పైన’ అని విభాగాలు ఇవ్వవచ్చు. వార్డు పేరుకు బదులు ‘ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, క్యాజువాలిటీ’ అన్నింటినీ ఒకే గుంపు చేయవచ్చు. పెళ్లి, పిల్లల సంఖ్య లాంటివి విశ్లేషణలో వాడబోకపోతే అడగనే అక్కర్లేదు. మిగిలిన గళ్లను కలిపి చూసి, ఏ కలయికలోనైనా ఐదుగురికంటే తక్కువ మంది మిగులుతారా అని సర్వే మొదలుకాకముందే సరిచూసుకోవాలి. మిగిలితే ఇంకో గడి తీసేయాలి. థీసిస్‌లో వేసే పట్టికలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

గూగుల్ ఫామ్ సెట్టింగులు కూడా ఆ మాటను నిలబెట్టాలి, లేదా దెబ్బతీస్తాయి. ‘Collect email addresses’ అన్నచోట ‘Verified’ ఎంచుకుని ఉంటే నింపినవారి జీమెయిల్ చిరునామా ప్రతి జవాబు పక్కనే చేరుతుంది. పేరు అడగని ఫామ్‌లోకి పేరు ఇలా దొడ్డిదారిన వస్తుంది. ‘View results summary’ తెరిచి ఉంచితే, నింపినవారందరికీ మిగతావారి జవాబుల సారాంశం కనిపిస్తుంది. సొంత మాటల్లో రాసిన ఫిర్యాదులు కూడా అందులో ఉంటాయి. ఒక్కరు ఒక్కసారే నింపాలన్న నిబంధన పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కమ్మంటుంది. మెయిల్ చిరునామా విద్యార్థికి చేరకపోయినా, లాగిన్ అడగడం చూసి అనుమానించేవారు ఉంటారు. కాబట్టి లాగిన్ ఎందుకో ఒక వాక్యంలో చెప్పాలి, లేదా ఆ నిబంధనే తీసేయాలి. లింకు కాపీ చేసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ‘viewform’తో ముగిసే చిరునామా నింపేవారిది, ‘edit’తో ముగిసేది తయారుచేసేవారిది. ఎడిట్ చేసే హక్కు అందరికీ తెరిచి ఉంచి ఆ రెండో లింకును గ్రూపులో పెడితే జవాబులన్నీ గ్రూపు సభ్యుల చేతికి వెళ్లినట్టే. పంపేముందు వేరే ఫోన్లో, వేరే ఖాతాతో లింకు తెరిచి చూస్తే ఇవన్నీ బయటపడతాయి.

బహుమతి లాటరీ పెట్టి ఫోన్ నంబరు అడిగే సర్వేలూ ఉన్నాయి. నంబరును అదే ఫామ్‌లో అడిగితే అజ్ఞాతంగా ఉంచుతామన్న మాటకు అర్థం ఉండదు. దానికి వేరే ఫామ్ ఉండాలి. రెండు షీట్లలోనూ సబ్మిట్ చేసిన సమయం పడుతుంది కాబట్టి, వరసలను కలిపి చూసే అవకాశం అప్పుడూ ఉంటుంది. ఆ సమయం ఉన్న నిలువు వరసను షీట్‌లోంచి తొలగించి, జవాబుల క్రమాన్ని కలగలిపిన తర్వాతే విశ్లేషణ మొదలుపెట్టడం మంచి పద్ధతి.

సందేశాన్ని ఎవరి చేత పెట్టించారన్నది కూడా గోప్యతలో భాగమే. నర్సింగ్ సూపరింటెండెంట్ చేత గ్రూపులో పెట్టిస్తే జవాబులు ఎక్కువ వస్తాయి. కానీ పై అధికారి పెట్టిన సందేశం కింద ‘తప్పకుండా’ అని ఉంటే, అది ఇష్టంతో పాల్గొనే సర్వే అని ఎవరూ అనుకోరు. ఆ పైన ‘డన్’ పెట్టమనడం మరీ ఇబ్బంది. ఎవరు నింపారో, ఎవరు నింపలేదో 120 మందికీ తెలిసిపోతుంది. పైగా ‘డన్’ పెట్టిన సమయాన్ని షీట్‌లో సబ్మిట్ సమయంతో పోల్చితే జవాబులు ఎవరివో కూడా తెలుస్తుంది. సూపరింటెండెంట్ అనుమతి తీసుకోవడం అవసరం. సందేశం మాత్రం విద్యార్థి పేరుతో వెళ్లాలి. గుర్తుచేసే రెండో సందేశం కూడా అందరికీ ఒకేలా వెళ్లాలి, ‘ఇప్పటికే నింపి ఉంటే దీన్ని పట్టించుకోకండి’ అన్న వాక్యంతో.

గోప్యత గురించి ఎంత ఎక్కువ చెబితే అంత నమ్మకం కలుగుతుందన్నది కూడా నిజం కాదు. సర్వే పద్ధతులపై జీవితమంతా పనిచేసిన ఎలినార్ సింగర్, సహ పరిశోధకులతో కలిసి 1992లో చూపించిందేమంటే, సున్నితం కాని విషయాల సర్వేలో గోప్యత గురించి పెద్ద పెద్ద హామీలిస్తే జనం వెనకాడతారు. ఇంత దాచాల్సింది ఇందులో ఏముందన్న అనుమానం మొదలవుతుంది. సున్నితమైన విషయాల్లో మాత్రం హామీ కొంత మేలు చేస్తుంది. అందుకే ఆహ్వాన సందేశంలో ఒకటి రెండు వాక్యాలు చాలు. వివరాలన్నీ ఫామ్ మొదటి పేజీలో, సమ్మతి దగ్గర రాయాలి.

ఆ మొదటి పేజీకి కొన్ని నియమాలున్నాయి. మనుషులు పాల్గొనే ఆరోగ్య పరిశోధనలకు భారత వైద్య పరిశోధన మండలి 2017లో జాతీయ నైతిక మార్గదర్శకాలు విడుదల చేసింది. విద్యార్థుల థీసిస్‌లు కూడా సంస్థ ఎథిక్స్ కమిటీ ముందుకు వెళ్లాలి. పాల్గొనడం స్వచ్ఛందమని, ఎప్పుడైనా మానేయవచ్చని పాల్గొనేవారికి తెలిసే భాషలో చెప్పాలి. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో పరిశోధనకు ఒక మినహాయింపు ఉంది. కానీ ఆ డేటాను ఫలానా వ్యక్తి గురించి నిర్ణయం తీసుకోవడానికి వాడకూడదన్నది దానికి ముడిపెట్టిన షరతు. నిద్ర సర్వే షీట్‌ను చూసి ఆసుపత్రి ఎవరి డ్యూటీలైనా మారిస్తే ఆ మినహాయింపు వర్తించదు.

అన్నీ సరిచూసుకున్నాక అదే విద్యార్థిని పంపగల సందేశం ఇలా ఉంటుంది:

“నమస్తే. నేను ఎం.ఎస్సీ. నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను (పేరు, కాలేజీ). నైట్ డ్యూటీలు చేసే నర్సుల నిద్ర మీద థీసిస్ రాస్తున్నాను. గత నెలలో ఒక్క నైట్ డ్యూటీ అయినా చేసినవారు ఈ ఫామ్ నింపగలరు. 35 ప్రశ్నలు, 10 నుంచి 15 నిమిషాలు పడుతుంది. ఒకేసారి పూర్తి చేయాలి కాబట్టి తీరిక ఉన్నప్పుడు తెరవండి. పేరు, ఫోన్ నంబరు, మెయిల్ అడగను. విడి జవాబులను నేను, మా గైడ్ తప్ప ఎవరూ చూడరు. ఆసుపత్రికి మొత్తం లెక్కలు మాత్రమే ఇస్తాను. నింపాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. నింపినట్టు గ్రూపులో చెప్పనక్కర్లేదు. చివరి తేదీ ఈ నెల 30. సందేహాలుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. (ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, గైడ్ పేరు, లింకు)”

మొదటిదానికంటే ఇది పొడుగే. కానీ ఇందులో ప్రతి వాక్యం వెనకా చేసిన పని ఒకటుంది. 35 అన్న అంకె నాలుగు సొంత వివరాలు తీసేయడం వల్ల వచ్చింది. సమయం ఎనిమిది మందితో కొలిచింది. మెయిల్ అడగననడం సెట్టింగ్ మార్చడం వల్ల సాధ్యమైంది. ‘పూర్తిగా అజ్ఞాతం’ అని ఆమె రాయలేదు, చివరి ప్రశ్నలో ఎవరైనా తమను తాము గుర్తుపట్టేలా రాసుకోవచ్చు కాబట్టి. ఆ ప్రశ్న పక్కన ‘పేర్లు, వార్డు రాయవద్దు’ అన్న సూచన ఉంచాల్సి వస్తుంది. రాసినా, థీసిస్‌లో వాడేముందు తీసేయాలి.

పేరు లేని ఫామ్‌కు ఒక పరిమితి ఉంది. సబ్మిట్ చేశాక ఎవరైనా తమ జవాబులు వెనక్కి తీసుకుంటామంటే, వాటిని వెతికి తీయడానికి దారి ఉండదు. ఎప్పుడైనా మానేయవచ్చన్న వాక్యం పక్కనే ‘సబ్మిట్ చేసేముందు వరకు’ అని సమ్మతి పేజీలో రాయాలి. వైవా అయ్యాక షీట్‌ను ఎన్నాళ్లు, ఎవరి ఖాతాలో ఉంచుతారో కూడా అక్కడే చెప్పాలి. కోర్సు ముగిశాక ఆ షీట్ విద్యార్థి సొంత జీమెయిల్‌లో ఉండిపోవడం మామూలుగా జరిగేదే. కాలేజీ నియమం ప్రకారం దాన్ని గైడ్‌కు అప్పగించి, తన ఖాతాలోని కాపీతో పాటు ఫోన్లో దించుకున్న ఎక్సెల్ ఫైలు కూడా తుడిచేయాలి. సర్వే సగంలో ఉండగా గైడ్ సూచనతో కొత్త ప్రశ్న చేర్చాల్సి వస్తే కమిటీ అనుమతి మళ్లీ తీసుకోవాలి, సమయాన్ని మళ్లీ కొలవాలి, గ్రూపులో ఉన్న సందేశాన్ని కూడా మార్చి పెట్టాలి.